ఒకే ఆవకాయ, మూడు వీడియోలు

ఏప్రిల్‌లో పచ్చడి కాయ మార్కెట్లోకి దిగిందంటే తెలుగు వంటల ఛానెళ్లకు ఆవకాయ వీడియో తప్పదు. గత ఏడాది పెట్టారు, అంతకు ముందు ఏడాదీ పెట్టారు, అయినా మళ్లీ పెడతారు. టైటిల్ మాత్రం కాస్త మారుతుంది. ఒకసారి ‘పక్కా కొలతలతో ఆవకాయ’, మరోసారి ‘ఏడాదంతా నిల్వ ఉండే ఆవకాయ’, ఇంకోసారి ‘మొదటిసారి చేసేవాళ్లకూ కుదిరే ఆవకాయ’. పాత వీడియోకు వచ్చే వ్యూస్ ఎలాగూ వస్తాయి, కొత్తదానికి వచ్చేవి వాటికి తోడవుతాయి అన్నది పెట్టేవాళ్ల లెక్క. ఆ లెక్క తరచుగా తప్పుతుంది. కొత్త వీడియో లేస్తున్నకొద్దీ పాతది పడిపోతుంది. సీజన్ అయ్యాక రెండూ కలిపి చూస్తే, నిరుడు ఒక్కదానికే వచ్చిన వ్యూస్ దగ్గరే ఆగి ఉంటుంది. ఒక్కోసారి అంతకంటే తక్కువ కూడా.

దీనికి ఈ రంగంలో వాడే మాట కంటెంట్ కానిబలైజేషన్. ఒకే ఇంటి నుంచి ఇద్దరు ఒకే వార్డుకు నామినేషన్ వేస్తే ఓట్లు చీలినట్టు, ఒకే ఛానెల్లోని రెండు మూడు వీడియోలు ఒకే వెతుకులాటకు జవాబుగా నిలబడి తమ వ్యూస్ తామే చీల్చుకోవడం. మొదట వెబ్‌సైట్లు నడిపేవాళ్లకు ఎదురైన సమస్య ఇది. యూట్యూబ్‌లో దీన్ని సరిచేయడం ఇంకా కష్టం. ఎందుకో అర్థం కావాలంటే ముందు యూట్యూబ్ సెర్చ్ ఎలా ఎంచుతుందో చూడాలి.

ఎవరైనా సెర్చ్ పెట్టెలో ఒక మాట కొట్టగానే యూట్యూబ్ రెండు సంగతులు ముఖ్యంగా చూస్తుంది. మొదటిది, ఆ మాటకూ వీడియో టైటిల్‌కూ, కింద రాసిన వివరణకూ, వీడియోలో ఉన్న విషయానికీ ఎంత పొంతన ఉంది అన్నది. రెండోది, ఇదే మాట వెతికి వచ్చినవాళ్లు ఇంతకు ముందు ఆ వీడియోను ఎంతసేపు చూశారు అన్నది. 2012లో యూట్యూబ్ తన పద్ధతి మార్చుకుంది. అంతకు ముందు క్లిక్కులకు ఎక్కువ విలువ ఉండేది. ఆ ఏడాది నుంచి చూసిన సమయానికి పెద్దపీట వేసింది. వీడియో కింద మనం పెట్టే ట్యాగులకు వెతుకులాటలో పెద్దగా పాత్ర లేదని, అక్షరదోషాలతో వెతికేవాళ్ల విషయంలోనే అవి కొంత ఉపయోగమని యూట్యూబే చెబుతుంది. కాబట్టి ట్యాగులు మార్చి ఈ చిక్కు విడదీయాలనుకోవడం వృథా.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ చూసిన సమయం చరిత్ర అంతా ఒక్కో వీడియోకు విడివిడిగా పోగవుతుంది. నాలుగేళ్ల క్రితం పెట్టిన ఆవకాయ వీడియోను వేలమంది కారం కలిపేదాకా, నూనె పోసేదాకా ఆగి చూశారనుకోండి, ఆ మంచిపేరు ఆ వీడియోదే. అదే ఛానెల్ అదే విషయం మీద కొత్త వీడియో పెడితే ఆ పేరు దానికి బదిలీ కాదు. అది తన ఖాతా సున్నా నుంచి మొదలుపెడుతుంది. అయితే కొత్తది కాబట్టి, సబ్‌స్క్రైబర్లు నోటిఫికేషన్ చూసి వస్తారు కాబట్టి, సెర్చ్‌లో కూడా దానికి అవకాశం దొరుకుతుంది. అప్పటిదాకా పాతదానికి వెళ్తున్న మనుషుల్లో కొందరు దీనికి మళ్లుతారు. ఇకపై రెండు ఖాతాలూ సగం సగం నిండుతుంటాయి. పక్క ఛానెల్ వాళ్లు ఒకే వీడియోతో కూర్చుంటే వాళ్ల ఖాతా మాత్రం ఏకంగా నిండుతుంది.

చీలినా మొత్తం అంతే ఉంటే నష్టం ఏమిటని అనిపించవచ్చు. నష్టం స్థానంలో ఉంది. ఫోన్‌లో సెర్చ్ చేస్తే వేలు కదపకుండా కనిపించేవి సాధారణంగా ఒకటి రెండు వీడియోలే. రెండో స్థానంలో ఉన్న ఒక్క వీడియో తెచ్చే వ్యూస్‌ను, ఐదో స్థానంలో ఒకటి, ఏడో స్థానంలో ఒకటి కలిసి తేలేవు. లెక్క తెలియడానికి ఒక ఛానెల్‌ను ఊహించుకుందాం. అంకెలు కేవలం ఉదాహరణకే. 2022లో పెట్టిన ఆవకాయ వీడియోకు మరుసటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఒక్క సెర్చ్ నుంచే 40,000 వ్యూస్ వచ్చాయి. 2024లో రెండో వీడియో పెట్టారు. ఆ సీజన్లో పాతదానికి 23,000, కొత్తదానికి 16,000. కలిపితే 39,000. 2025లో మూడోది పెట్టారు. ఈసారి 13,000, 12,000, 8,000. కలిపితే 33,000. మూడో వీడియో డాష్‌బోర్డులో విడిగా చూస్తే 8,000 సెర్చ్ వ్యూస్ తెచ్చిన మంచి వీడియోలాగే కనిపిస్తుంది. అందుకే ఈ సమస్య ఉన్నవాళ్లకు అది ఉన్నట్టు తెలియదు. ఏ వీడియోకు ఆ వీడియో అంకెలు చూసుకుంటూ పోతే ఇది ఎన్నటికీ బయటపడదు.

వ్యూస్‌తో పాటు ఇంకొకటి చీలుతుంది. తెలుగు వంటల వీడియోల కింద కామెంట్లు చదివేవాళ్లకు తెలుసు, సగం వంట అక్కడే ఉంటుంది. ‘అక్కా, కల్లుప్పు ఎండబెట్టి పొడి చేసుకోవాలా?’, ‘మూడో రోజు తిరగ కలిపాక ఉప్పు తక్కువనిపిస్తే వేసుకోవచ్చా?’, ‘నువ్వుల నూనె బదులు వేరుశనగ నూనె పోయొచ్చా?’ ఒక వీడియో కింద ఏళ్ల తరబడి పోగైన ఈ ప్రశ్నలూ జవాబులూ కొత్త వీడియో కింద ఉండవు. దానికంటే ఇబ్బంది కొలతలు మారినప్పుడు వస్తుంది. ఒక వీడియోలో ఉప్పు ముప్పావు గ్లాసు అంటారు. రెండేళ్ల తర్వాత గ్లాసు సైజు మారి, నిండు గ్లాసు అంటారు. చేసినావిడకు రెండూ సరైనవే. రెండు వీడియోలూ చూసిన కొత్త కోడలు మాత్రం ఐదు కిలోల ముక్కలు ముందు పెట్టుకుని ఏది నమ్మాలో తెలియక కూర్చుంటుంది. పచ్చడిలో ఉప్పు తగ్గితే బూజు పడుతుంది, పెరిగితే నోట పెట్టలేం. చూసేవాళ్లను ఈ స్థితిలో వదలడం వ్యూస్ నష్టం కంటే పెద్ద విషయమని నా అభిప్రాయం.

ఇంత తెలిసీ మళ్లీ మళ్లీ ఎందుకు పెడతారు? సీజన్ ఒత్తిడి ఒక కారణమే కానీ, అసలు కారణం యూట్యూబ్ కట్టుబడిలోనే ఉంది. వెబ్‌సైట్‌లో పాత వ్యాసంలో తప్పుంటే అదే చిరునామాలో తిరగరాసుకోవచ్చు. రెండు వ్యాసాలు ఒకదానికొకటి అడ్డొస్తుంటే కలిపేసి, పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించవచ్చు. యూట్యూబ్‌లో ఆ సౌకర్యం లేదు. ఒకసారి అప్‌లోడ్ చేసిన వీడియో ఫైలు తీసి, అదే లింకులో వేరే ఫైలు పెట్టలేం. ఎడిటర్‌లో కొంత భాగం కత్తిరించడం, ముఖాలు మసకబార్చడం లాంటివి మాత్రం చేయవచ్చు. ఒక కొత్త షాట్ కూడా చేర్చలేం. పాతది బాగా తీయలేదనిపిస్తే మరో వీడియో పెట్టడం తప్ప దారి లేదు. ఆ మరో వీడియోయే పోటీ అవుతుంది.

అలాగని ఒకే విషయం మీద రెండు వీడియోలుంటే చాలు, వ్యూస్ చీలినట్టే అనుకోకూడదు. చూడాల్సింది విషయం కాదు, వెతికేవాడి ప్రశ్న. బెల్లం ఆవకాయ, పెసరావకాయ, వెల్లుల్లి ఆవకాయ, మాగాయ, మెంతికాయ, ఇవన్నీ మామిడికాయతోనే చేస్తారు. కానీ బెల్లం ఆవకాయ వెతికే మనిషికి మాగాయ చూపిస్తే వెనక్కి వెళ్లిపోతాడు. కాబట్టి ఇవి ఐదు వీడియోలైనా ఐదు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, ఒకదాని జోలికి ఒకటి రావు. దీనికి భిన్నంగా ‘పక్కా కొలతలతో’, ‘ఏడాదంతా నిల్వ ఉండేలా’, ‘మొదటిసారి చేసేవాళ్లకు’ అన్న మూడు టైటిళ్లూ వేరుగా కనిపిస్తున్నా అడిగేది ఒక్కటే: ఆవకాయ ఎలా పెట్టాలి? ఏ ఆవకాయకైనా కొలతలు కావాలి, ఏదైనా ఏడాది నిలవాలి. ఆ విశేషణాలు ప్రశ్నను మార్చవు.

లిపి విషయంలో కూడా కొందరు పొరబడతారు. మనవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతుకుతారు: avakaya pachadi, mango pickle in telugu ఇలా. అందుకని తెలుగు లిపిలో టైటిల్ పెట్టిన వీడియో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టినది ఒకటి విడిగా ఉండాలని వాదిస్తారు. అవసరం లేదు. టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటుంది, వివరణకు 5,000. రెండు రూపాలూ ఒకే వీడియోలో ఇమిడిపోతాయి.

మన ఛానెల్‌లో ఇది జరుగుతోందో లేదో తేల్చుకోవడానికి యూట్యూబ్ స్టూడియో చాలు, డబ్బు పెట్టి ఏ టూలూ కొనక్కర్లేదు. అనుమానం ఉన్న వీడియోల్లో ఒకదాని Analytics తెరిచి, అందులో Reach భాగానికి వెళ్తే వ్యూస్ ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. అక్కడ YouTube search మీద నొక్కితే ఏయే మాటలు వెతికి ఆ వీడియోకు వచ్చారో జాబితా వస్తుంది. మొదటి పది మాటలు కాగితం మీద రాసుకోండి, పక్కన ఒక్కోదాని వ్యూస్, సగటున చూసిన సమయం. మిగతా వీడియోలకూ అలాగే చేయండి. రెండు కాగితాల్లోనూ పైన అవే మాటలుంటే అనుమానానికి ఆధారం దొరికినట్టు. పైన వేర్వేరు మాటలుండి అడుగున ఒకటి రెండు కలిస్తే పట్టించుకోవాల్సిన పనిలేదు.

ఆధారం దొరికినా అది రుజువు కాదు. రుజువు మొత్తంలో ఉంది. ఆ వీడియోలన్నింటికీ కలిపి ఆ మాటల నుంచి వచ్చిన వ్యూస్, కొత్త వీడియో రాక ముందు ఎంత, వచ్చాక ఎంత? స్టూడియోలో వీడియోలను ఒక గ్రూపుగా కట్టి కలిపి చూసే వీలుంది. మొత్తం పెరిగితే, పాతది తగ్గినా సరే, అది చీలిక కాదు. సెర్చ్‌లో మీ ఛానెల్‌కు రెండు స్థానాలు దొరికాయన్న మాట, హాయిగా ఉండండి. మొత్తం అలాగే ఉండి లేదా తగ్గి, పాతది పడిన తేదీ కొత్తది ఎక్కిన తేదీకి సరిపోతే అప్పుడు చీలింది.

ఈ పోలికలో ఆవకాయ లాంటి విషయాలతో పెద్ద ప్రమాదం ఉంది. మే నెలను జూలైతో పోల్చితే ఏ వీడియో అయినా పడిపోయినట్టే కనిపిస్తుంది. జూలైలో ఆవకాయ వెతికేవాళ్లు ఎవరు? అందుకని ఏప్రిల్, మే నెలలను నిరుటి ఏప్రిల్, మేలతోనే పోల్చాలి. అప్పుడు కూడా మరో ప్రశ్న మిగులుతుంది: అసలు ఈ ఏడాది వెతికేవాళ్లే తగ్గారేమో! గూగుల్ ట్రెండ్స్‌లో మాట కొట్టి, వెబ్ సెర్చ్ బదులు YouTube Search ఎంచుకుంటే గత ఏళ్లతో పోలిస్తే ఆ వెతుకులాట పెరిగిందో తగ్గిందో గీత చూపిస్తుంది. గీత నిలకడగా ఉండి మీ మొత్తం పడిందంటే కారణం చీలిక కావచ్చు, లేదా కొత్తగా వచ్చిన వేరే ఛానెల్ కావచ్చు. తేడా తెలియాలంటే సెర్చ్ ఫలితాలు కళ్లతో చూడాల్సిందే. అయితే సొంత ఫోన్‌లో చూడొద్దు. మీరు చూసిన వీడియోల చరిత్రను బట్టి యూట్యూబ్ మీ వీడియోలనే మీకు పైకి తెచ్చి చూపిస్తుంది. లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో వెతకండి.

వ్యూస్ వచ్చే దారి సెర్చ్ కాకపోతే ఈ గొడవంతా మీకు వర్తించదు. యూట్యూబ్ హోమ్ పేజీ నుంచి, చూస్తున్న వీడియో పక్కన వచ్చే సూచనల నుంచి ఎక్కువ వ్యూస్ వచ్చే ఛానెళ్లు ఉంటాయి. సూచనల్లో ఒకే రకం వీడియోలు తరచుగా ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. ఒక ఆవకాయ వీడియో చూసినవాళ్లకు అదే ఛానెల్‌లోని మాగాయ వీడియో పక్కన ప్రత్యక్షమవుతుంది. అక్కడ పోలిక లాభం. పైగా పోలిన వీడియోలు పెట్టినందుకు యూట్యూబ్ ఛానెల్‌ను శిక్షిస్తుందన్న ప్రచారంలో నిజం లేదు. సెర్చ్‌లో జరిగేది శిక్ష కాదు, పంపకం.

చీలిందని తేలాక మొదటి పని, ఏ వీడియోను నిలబెట్టాలో నిర్ణయించుకోవడం. కొత్తదాన్నే ఎంచుకోవాలని మనసు లాగుతుంది, ఎందుకంటే అది చూడ్డానికి బాగుంటుంది. ఇందాకటి కాగితాలు చూడండి. ఆ మాట వెతికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఎక్కడ ఆగుతున్నారు? కామెంట్లు ఎక్కడ పోగయ్యాయి? వాట్సాప్‌లో, ఇతర సైట్లలో ఏ లింకు తిరుగుతోంది? మన ఉదాహరణలో 2022 నాటి వీడియోకు వెలుతురు తక్కువే, కానీ సగటున ఆరు నిమిషాలు చూస్తున్నారు, 2025 నాటిదాన్ని మూడున్నర నిమిషాలే చూస్తున్నారు అనుకుందాం. అలాంటప్పుడు పాతదే నిలవాలి. దాని టైటిల్ ముట్టుకోవద్దు. కావాలంటే థంబ్‌నెయిల్ ఒక్కటి కొత్తగా చేయించండి.

రెండో పని, మిగతా వీడియోలకు వాటి సొంత ప్రశ్న వెతికిపెట్టడం. వాటిని ఒకసారి మొదటినుంచి చివరిదాకా చూడాలి. 2024 వీడియోలో మొదటి నాలుగు నిమిషాలు కాయ ఎలా ఎంచాలి, పులుపు ఎలా చూడాలి, టెంక ఊడకుండా ముక్కలు ఎలా కొట్టించాలి, తడి లేకుండా ఎలా తుడవాలి అన్నదే ఉందనుకోండి. ‘ఆవకాయకు ఏ కాయ కొనాలి, ముక్కలు ఎలా కొట్టించాలి’ అని టైటిల్, దానికి తగ్గ థంబ్‌నెయిల్, వివరణలో మొదటి రెండు వరుసలు మార్చితే అది వేరే ప్రశ్నకు జవాబవుతుంది. వీడియోలో లేనిది టైటిల్‌లో పెట్టకూడదు. ‘ఆవకాయ బూజు పట్టకుండా’ అని పెట్టి, లోపల ఆ మాట అర నిమిషమే ఉంటే వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు. ఆ కొత్త ప్రశ్న దగ్గర కూడా వీడియో నిలవదు.

సొంతంగా చెప్పేది ఏమీ లేని వీడియో ఒకటి మిగలొచ్చు. మన 2025 వీడియో అలాంటిదే అనుకుందాం, పాతదాన్నే మంచి కెమెరాతో మళ్లీ తీశారు. దాన్ని డిలీట్ చేయకండి. చేస్తే కామెంట్లు, ఎవరెవరికో పంపిన లింకులు అన్నీ పోతాయి. Unlisted చేస్తే లింకు ఉన్నవాళ్లకు తెరుచుకుంటుంది, సెర్చ్‌లో మాత్రం కనిపించదు. అయితే ఇంకా ఆదాయం మొదలుకాని చిన్న ఛానెళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలన్నది ఒక దారి. ఆ గంటల్లో పబ్లిక్ వీడియోలవే లెక్కకొస్తాయి. Unlisted చేసిన మరుక్షణం ఆ వీడియో గంటలు లెక్కలోంచి తప్పుకుంటాయి. గడువు దగ్గరపడి ఆ గంటలు అవసరమైన ఛానెల్, చీలిక ఉన్నా సరే అర్హత వచ్చేదాకా వీడియోను అలాగే ఉంచడం మేలు.

మళ్లింపు లేని లోటును కొంతవరకు చేత్తో పూడ్చుకోవచ్చు. పక్కకు తప్పించిన ప్రతి వీడియో కింద పిన్ చేసిన కామెంట్‌లో, వివరణ మొదటి వరుసలో ‘పూర్తి కొలతలు ఈ వీడియోలో’ అంటూ నిలబెట్టిన వీడియో లింకు పెట్టాలి. వీడియో మధ్యలో కొలతల ప్రస్తావన వచ్చే చోట కార్డు, చివర ఎండ్ స్క్రీన్ కూడా దానికే. ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్లలోనే పడుతుంది, అంతదాకా చూసేవాళ్లు తక్కువ. అందుకే ఎక్కువ పనిచేసేది పిన్ చేసిన కామెంటే. ఉప్పు కొలత తేడా ఉంటే అన్ని వీడియోల కిందా ఒకే మాట రాయండి: గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లది, ఉప్పు ఎన్ని గ్రాములు.

ఈ మార్పులకు సమయం డిసెంబరు, జనవరి. సీజన్ నడుస్తుండగా ఏప్రిల్‌లో టైటిళ్లు కదిపితే, వచ్చే వ్యూస్ మార్పు వల్ల వచ్చాయో సీజన్ వల్ల వచ్చాయో చెప్పలేం. ఒక్కసారే మూడింటినీ మార్చొద్దు. ఒకటి మార్చి, మూడు నాలుగు వారాలు వదిలేసి, ఆ వీడియోకు ఇప్పుడు ఏ మాటలతో వస్తున్నారో చూసి, తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్లాలి. పాత టైటిల్, పాత థంబ్‌నెయిల్, మార్చిన తేదీ ఒకచోట రాసి ఉంచుకోండి. మే నెలాఖరుకు ఏప్రిల్, మే నెలల మొత్తం తీసి నిరుటి ఏప్రిల్, మేలతో పోల్చండి. మొత్తం 33,000 దగ్గర్నుంచి పైకి కదిలితే నిర్ణయం సరైనదే. కదలకపోతే పాత టైటిళ్లు తిరిగి పెట్టేసి, కారణం మీ వీడియోల మధ్య కాక ఫలితాల్లో మీ పైన కూర్చున్న ఛానెల్ దగ్గర వెతకాలి.